ఆ షాట్ కెమెరా ముందు జరిగిందా?

2025 మార్చి చివర్లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్లు కొట్టే పని మొదలైంది. రాత్రిపూట లైట్ల వెలుగులో బుల్డోజర్లు కదులుతుంటే పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు ఫోన్లలో తీశారు. అవి నిజంగా జరిగినవాటి వీడియోలు. వాటి వెనకాలే ఇంకో రకం దృశ్యాలు కూడా ఫోన్ల నిండా తిరిగాయి. బుల్డోజర్ల ముందు జింకలు గుంపుగా పరుగెత్తుతున్నట్టు, నేలకూలిన చెట్ల మధ్య నెమళ్లు దిక్కుతోచక నిలబడినట్టు ఏఐతో తయారుచేసిన బొమ్మలవి. నిజం వీడియోలూ ఈ బొమ్మలూ ఒకే గ్రూపుల్లో, ఒకే ఆవేశంతో, ఏది ఏదో చెప్పే ముక్క లేకుండా చేతులు మారాయి.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమని ఆదేశించింది. ఆ స్థలంలో నెమళ్లు, జింకలు ఉన్నాయన్న విషయం కోర్టు దృష్టికి కూడా వచ్చింది. అంటే అసలు సంగతి నిజమే. కానీ ఏఐ బొమ్మల వల్ల చర్చ మరోవైపు మళ్లింది. తప్పుడు బొమ్మలతో జనాన్ని రెచ్చగొట్టారని రాష్ట్ర ప్రభుత్వం చర్యలకు దిగింది. పోలీసులు కేసులు పెట్టారు. ఆ స్థలం మీద వచ్చిన గిబ్లీ తరహా బొమ్మను మళ్లీ షేర్ చేసినందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా నోటీసు వెళ్లింది. చెట్లు పడిపోయాయా లేదా అని అడగాల్సిన చోట ఏది ఏఐ, ఏది కాదు అని వాదించుకోవడం మొదలైంది.

ఆ బొమ్మలు చేసినవాళ్లు దురుద్దేశంతోనే చేశారని అనలేం. జింకల మీద జాలితో చేసినవాళ్లూ ఉండవచ్చు. బొమ్మ మీద ‘ఏఐతో చేసిన ఊహాచిత్రం’ అని ఒక్క లైను వేసి ఉంటే నిజం వీడియోలకు ఆ మచ్చ అంటేది కాదు. ఊహను నిజంలా కనిపించేలా తయారుచేసి, ఆ మాట చెప్పకుండా వదిలితే, పక్కనున్న అసలు సాక్ష్యాన్ని కూడా జనం అనుమానిస్తారు. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఇప్పుడు మన ఐటీ రూల్స్ కూడా వీడియో పెట్టేవాళ్లను ‘వెల్లడించండి’ అని అడుగుతున్నది ఇందుకే. ఆ అడగడం ఎలా ఉంటుందో, ఎక్కడ అవును అనాలో, ఎక్కడ అక్కర్లేదో ఒక వీడియో తీసుకుని షాట్ షాట్‌గా చూద్దాం.

యూట్యూబ్ అడిగే ప్రశ్న

యూట్యూబ్ 2023 నవంబరులో ఈ నియమం తెస్తున్నామని ప్రకటించి, 2024 మార్చిలో అమల్లో పెట్టింది. కంప్యూటర్‌లో YouTube Studio తెరిచి వీడియో అప్‌లోడ్ చేస్తున్నప్పుడు, టైటిల్, డిస్క్రిప్షన్ నింపే పేజీలో కిందికి వెళ్లి Show more నొక్కితే Altered content అనే భాగం వస్తుంది. అక్కడ మూడు సంగతులు అడుగుతుంది. నిజమైన మనిషి అనని మాట అన్నట్టు, చేయని పని చేసినట్టు చూపించారా? నిజంగా జరిగిన సంఘటన, నిజంగా ఉన్న చోటు తాలూకు వీడియోను మార్చారా? అసలు జరగని దృశ్యాన్ని నిజంలా కనిపించేలా తయారుచేశారా? ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా Yes పెట్టాలి.

ఈ ప్రశ్నలో ‘మీరు ఏఐ వాడారా’ అన్న మాట ఎక్కడా లేదు. చాలామంది తికమకపడేది ఇక్కడే. స్క్రిప్టు రాయడానికి, టైటిల్ ఆలోచించడానికి, క్యాప్షన్లు వేయడానికి, థంబ్‌నెయిల్ చేయడానికి ఏఐ వాడితే యూట్యూబ్ అడగదు. కలర్ కరెక్షన్, బ్యూటీ ఫిల్టర్, వెనకాల బ్లర్, పాత వీడియోను శుభ్రం చేయడం, గరగర శబ్దం తీసేయడం కూడా అంతే. చూడగానే బొమ్మ అని తెలిసిపోయే యానిమేషన్‌కు, మనిషి రెక్కల గుర్రం మీద ఎగిరే దృశ్యానికి కూడా అక్కర్లేదు. గిబ్లీ తరహా కార్టూన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఎవరూ దాన్ని కెమెరాతో తీసిందనుకోరు. మరోవైపు ఏ ఏఐ లేకుండా మామూలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే ఒక నిజమైన సభలో జనాన్ని రెట్టింపు చేసి చూపించినా Yes పెట్టాల్సిందే.

కాబట్టి అడుగుతున్నది పనిముట్టు గురించి కాదు. చూసేవాడు ఏం నమ్ముతాడన్నదే ప్రశ్న. ప్రతి షాట్‌కూ మనం వేసుకోవాల్సిన పరీక్ష ఒకటే: దీన్ని చూసినవాడు ‘ఇది కెమెరా ముందు జరిగింది’ అనుకుంటాడా? నిజంగా జరిగిందా? మొదటిదానికి జవాబు అవును, రెండోదానికి కాదు అయితే చెప్పి తీరాలి.

ఒక వరద వీడియో, ఎనిమిది షాట్లు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగిపోయింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లను గుద్దాయి. ఆ వరద మీద ఒక చిన్న తెలుగు ఛానల్ ఎనిమిది నిమిషాల వీడియో చేస్తోందని అనుకుందాం. ఛానల్ ఊహే, వరద మాత్రం జరిగిందే. టైమ్‌లైన్ మీద ఉన్న షాట్లు ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటి షాట్, మేడ మీద నుంచి ఎవరో ఫోన్‌తో తీసిన వీధి. మబ్బులో తీసింది కాబట్టి మసగ్గా ఉంది. వెలుతురు పెంచి, గాలి చప్పుడు తగ్గించారు. జరిగింది మారలేదు. చెప్పక్కర్లేదు.

రెండో షాట్, అదే వీధి మరో క్లిప్. అది చాలా తక్కువ క్వాలిటీలో వాట్సాప్ ద్వారా వచ్చింది. ఏఐ టూల్‌తో స్పష్టత పెంచారు. యూట్యూబ్ ఈ అప్‌స్కేలింగ్‌ను మామూలు మెరుగుదల కిందే చూస్తుంది. అయితే ఇక్కడ కళ్లు పెట్టి చూడాల్సిన ఒక సంగతి ఉంది. ఈ టూల్స్ లేని వివరాన్ని ఊహించి నింపుతాయి. షాపు బోర్డు మీద అక్షరాలు తెలుగులా కనిపిస్తూనే ఏ మాటా కాకుండా పోతాయి. దూరంగా నీళ్లలో నడిచే మనిషికి వేరే ముఖం వచ్చేస్తుంది. పక్కపక్కన అసలు క్లిప్ పెట్టుకుని చూస్తే ఇది తెలిసిపోతుంది. ముఖాలు, నెంబరు ప్లేట్లు, బోర్డులు మారిపోయాయంటే అది మెరుగుదల దాటి మార్పు అయిపోయింది. అప్పుడు అసలు మసక క్లిప్ వాడుకోవడమే మేలు.

మూడో షాట్, బుడమేరు ఎక్కడ పుట్టి ఎటు పారుతుందో చూపే మ్యాప్ యానిమేషన్. నీలం గీత కదులుతుంది, గండ్లు పడిన చోట ఎర్ర చుక్కలు మెరుస్తాయి. దీన్ని ఎవరూ డ్రోన్ వీడియో అనుకోరు. అక్కర్లేదు.

నాలుగో షాట్‌లో చిక్కు ఉంది. ఛానల్ దగ్గర డ్రోన్ లేదు. అందుకని ‘మునిగిన విజయవాడ కాలనీ, పైనుంచి’ అని రాసి ఏఐ వీడియో టూల్‌తో పది సెకన్ల షాట్ చేయించారు. ఇళ్ల పైకప్పులు, మధ్యలో గోధుమరంగు నీరు, ఒక పడవ. అచ్చం వార్తల్లో వచ్చినట్టే ఉంది. వరద నిజం, ఊరు నిజం, ఆ షాట్ మాత్రం ఎప్పుడూ జరగలేదు. తప్పకుండా Yes. యూట్యూబ్ ఇచ్చిన ఉదాహరణల్లోనే నిజమైన ఊరి వైపు సుడిగాలి వస్తున్నట్టు చూపడం, నిజమైన ప్రదేశానికి అదనపు ఫుటేజ్ తయారుచేయడం ఉన్నాయి. ‘నిజంగా జరిగినదే కదా, కాస్త బొమ్మ కట్టి చూపించాం’ అన్న వాదన ఇక్కడ చెల్లదు. నిజమైన విపత్తుల మీదే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎందుకంటే రేపు ఆ పడవ షాట్‌ను ఎవరో నష్టపరిహారం వాదనలో సాక్ష్యంలా చూపిస్తారు.

ఐదో షాట్‌లో అసలు వీడియోలోనే చిన్న మార్పు చేశారు. నీళ్లు మోకాళ్ల దాకా ఉంటే నడుము దాకా పెంచారు. లేదా ఫ్రేములో పార్టీ జెండాతో ఉన్న మనిషిని చెరిపేశారు. రెండూ నిజమైన సంఘటనను మార్చడమే. Yes. అదే మనిషి ముఖాన్ని బ్లర్ చేసి ఉంటే అక్కర్లేదు. బ్లర్ చేస్తే ఏదో కప్పి ఉందని చూసేవాడికి కనిపిస్తుంది. చెరిపేస్తే అక్కడ ఎవరూ లేరని నమ్ముతాడు.

ఆరో షాట్, ఒక అధికారి ప్రెస్‌మీట్. ఆయన తెలుగులో మాట్లాడింది ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో వేస్తే ఏ గొడవా లేదు. ఆయన గొంతును, పెదవుల కదలికను ఏఐతో మార్చి ఇంగ్లిష్‌లో మాట్లాడినట్టు చేస్తే, ఆయన అనని మాటలు ఆయన నోట పెట్టినట్టే. అనువాదం సరిగ్గానే ఉన్నా Yes పెట్టాలి.

ఏడో షాట్ అసలు ఏఐ ఊసే లేనిది. అదనంగా ఒక క్లిప్ కావాలని వేరే రాష్ట్రంలో, వేరే ఏడాది వచ్చిన వరద వీడియో పెట్టేశారు. ఎడిటింగ్ ఏమీ చేయలేదు. Altered content ప్రశ్నకు ఇది దొరకదు, ఎందుకంటే వీడియో మారలేదు. కానీ పాత వీడియోను కొత్తదని నమ్మించడం తప్పుదారి పట్టించే కంటెంట్ మీద ఉన్న నియమాల్లోకి వస్తుంది. టీవీ ఛానళ్లు మూలన ‘ఫైల్ విజువల్స్’ అని వేసే అలవాటు ఇక్కడ నేర్చుకోదగ్గది.

ఎనిమిదోది థంబ్‌నెయిల్. ఏఐతో చేసినంత మాత్రాన ఈ ప్రశ్న కింద చెప్పక్కర్లేదు. అయితే వీడియోలో లేనిదాన్ని థంబ్‌నెయిల్‌లో చూపించి క్లిక్ చేయిస్తే అది వేరే నియమానికి తగులుతుంది.

ఎనిమిదింటిలో మూడు చోట్ల Yes వచ్చింది. ఒక్క చోట వచ్చినా వీడియో మొత్తానికి Yes పెట్టాలి, ఎందుకంటే ఆ గడి షాట్‌కు ఒకటి ఉండదు, వీడియోకు ఒకటే ఉంటుంది. ఏ షాట్ అన్నది చూసేవాడికి చెప్పాల్సిన పని మనదే.

టిక్ పెట్టిన తర్వాత ఏమవుతుంది

Yes పెడితే డిస్క్రిప్షన్ తెరిచినప్పుడు How this content was made అనే శీర్షిక కింద, ఇందులో ధ్వని లేదా దృశ్యాలు గణనీయంగా మార్చినవి లేదా డిజిటల్‌గా తయారుచేసినవి అన్న అర్థంతో ఒక గమనిక కనిపిస్తుంది. ఆరోగ్యం, వార్తలు, ఎన్నికలు, డబ్బు వ్యవహారాల్లాంటి సున్నితమైన విషయాలైతే గమనికను వీడియో మీదే కొట్టొచ్చినట్టు చూపిస్తుంది. మన వరద వీడియో వార్తల కిందికే వస్తుంది.

ఇలా చెబితే వ్యూస్ పడిపోతాయన్న భయం క్రియేటర్లలో బాగా ఉంది. వెల్లడించినంత మాత్రాన వీడియో ఎందరికి చేరాలన్నదాన్ని తగ్గించబోమనీ, ఆదాయానికి అర్హత పోదనీ యూట్యూబ్ స్పష్టంగా రాసిపెట్టింది. దాస్తేనే నష్టం. పదే పదే చెప్పకుండా పెడుతుంటే వీడియో తీసేయవచ్చు, పార్ట్‌నర్ ప్రోగ్రామ్ నుంచి ఆపేయవచ్చు. జనం తప్పుదారి పట్టే ప్రమాదం ఉందనిపిస్తే యూట్యూబే లేబుల్ అంటిస్తుంది. అలా అంటించినదాన్ని క్రియేటర్ తీసేయలేడు.

ఇక లేబుల్ పరిమితి కూడా తెలుసుకోవాలి. వీడియో చూసేవాళ్లలో డిస్క్రిప్షన్ తెరిచేవాళ్లు తక్కువ. పైగా ఎవరో ఆ పది సెకన్ల డ్రోన్ షాట్‌ను స్క్రీన్ రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపితే యూట్యూబ్ గమనిక యూట్యూబ్‌లోనే ఉండిపోతుంది. ఏఐ టూల్స్ ఫైలు లోపల పెట్టే గుర్తులు, కంటెంట్ క్రెడెన్షియల్స్ అనే సమాచారం కూడా స్క్రీన్ రికార్డింగ్‌తో పోతాయి. అందువల్ల నేను గట్టిగా చెప్పే మాట ఇది: గడిలో టిక్ పెట్టాలి, దానికి తోడు ఆ షాట్ తెర మీద ఉన్నంతసేపూ ఫ్రేములోనే రాయాలి. ‘ఏఐతో చేసిన దృశ్యం’ అని తెలుగులో, ఫోన్ తెర మీద చదవగలిగే సైజులో వేయాలి. మూలకు నెట్టేస్తే క్రాప్ చేసినవాడు దాన్ని కోసేస్తాడు. అందుకని చిత్రంలో ముఖ్యమైన భాగానికి ఆనుకుని వేయాలి. వాయిస్ ఓవర్‌లో కూడా ‘మీరు చూస్తున్న ఈ పైనుంచి దృశ్యం మేం తయారుచేసినది’ అని ఒక్క వాక్యం చెబితే కళ్లు పెట్టకుండా వినేవాళ్లకూ తెలుస్తుంది.

గొంతు సంగతి

బొమ్మల కన్నా గొంతుతోనే మోసపోవడం సులువు. ఒక గొంతు మనకు బాగా తెలిసినదైతే మాటల మీద అనుమానమే రాదు. ఈ విషయంలో తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు. ఆయన 2020 సెప్టెంబరులో వెళ్లిపోయారు. 2023 నవంబరులో విడుదలైన ‘కీడా కోలా’ సినిమాలో ఆయన గొంతును ఏఐతో తిరిగి సృష్టించారంటూ, తమ కుటుంబం అనుమతి లేదంటూ ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ 2024 జనవరిలో నిర్మాతలకు, సంగీత దర్శకుడికి లీగల్ నోటీసు పంపారు. ఇంచుమించు అదే సమయంలో ఏఆర్ రెహమాన్ ‘లాల్ సలామ్’ అనే తమిళ సినిమా పాటలో, మరణించిన ఇద్దరు గాయకుల గొంతులను ఏఐతో వినిపించారు. వాళ్ల కుటుంబాల నుంచి అనుమతి తీసుకున్నామనీ, తగిన పారితోషికం పంపామనీ ఆయనే బయటికి చెప్పారు.

ఈ రెండింటినీ పక్కన పెట్టుకుంటే అనుమతీ వెల్లడీ రెండు వేర్వేరు సంగతులని తెలుస్తుంది. అనుమతి ఆ గొంతు సొంతదారుకు, ఆయన కుటుంబానికి సంబంధించినది. వెల్లడి వినేవాడికి సంబంధించినది. కుటుంబం ఒప్పుకున్నా యూట్యూబ్‌లో Yes పెట్టాలి, వినేవాడికి చెప్పాలి. Yes పెట్టి ఏఐ అని చెప్పినంత మాత్రాన అనుమతి లేని గొంతు వాడుకోవడం చెల్లిపోదు.

మామూలు క్రియేటర్లకు ఇది వాయిస్ ఓవర్ దగ్గర ఎదురవుతుంది. ఇంకొకరి గొంతును క్లోన్ చేసి వాయిస్ ఓవర్‌కు వాడితే యూట్యూబ్ నియమం ప్రకారం చెప్పాలి. మీ సొంత గొంతునే క్లోన్ చేసి, వాయిస్ ఓవర్‌కో డబ్బింగ్‌కో వాడుకుంటే అడగదు. పాటల విషయంలో ఏఐతో సంగీతం తయారుచేసినా వెల్లడించాల్సిన జాబితాలోనే ఉంది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కదా అని చాలామంది వదిలేసేది ఇదే. ఒక గాయకుడు కచేరీలో శ్రుతి తప్పినట్టు ఆడియో మార్చడం కూడా ఆ జాబితాలో ఉంది. ముఖం కదలకపోయినా, ఒక్క స్వరం మారినా, నిజమైన మనిషి చేయనిది చేసినట్టే అవుతుంది.

మన దేశంలో ఇప్పుడు చట్టం కూడా

ఇంతవరకు చెప్పినవి ఒక కంపెనీ పెట్టుకున్న నియమాలు. ఇప్పుడు ఇండియాలో ఇది చట్టం పరిధిలోకి వచ్చింది. కేంద్రం 2025 అక్టోబరులో ఐటీ రూల్స్‌కు సవరణ ముసాయిదా పెట్టింది. బొమ్మలో కనీసం 10 శాతం మేర, ఆడియో అయితే మొదటి 10 శాతం సమయం లేబుల్ ఉండాలని అందులో రాసింది. 2026 ఫిబ్రవరి 10న తుది రూల్స్ వచ్చేసరికి ఆ 10 శాతం కొలత పోయింది. స్పష్టంగా కనిపించేలా ఉండాలి, ఆడియో అయితే మొదట్లోనే వినిపించాలి అన్నది మిగిలింది. ఫిబ్రవరి 20 నుంచి ఇవి అమల్లో ఉన్నాయి.

ఈ రూల్స్‌లోని నిర్వచనం కూడా నిజంలా అనిపించడం అన్న చోటే ఆగుతుంది. కంప్యూటర్‌తో తయారుచేసిన లేదా మార్చిన దృశ్యం, ధ్వని నిజమైన మనిషి లేదా నిజమైన సంఘటన నుంచి వేరు చేయలేనట్టుగా ఉంటే అది కృత్రిమ సమాచారం. మంచి ఉద్దేశంతో చేసే మామూలు ఎడిటింగ్, రంగుల సవరణ, శబ్దం తగ్గించడం, అనువాదం, పాఠాల్లో ఉదాహరణకు వేసే బొమ్మలు దీని కిందికి రావు, అసలు విషయం మారనంతవరకు. కాబట్టి యూట్యూబ్‌కు అలవాటుపడినవాళ్లకు కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. తేడా మరో చోట ఉంది. 50 లక్షలకు పైగా వాడకందార్లున్న పెద్ద ప్లాట్‌ఫాములు, పెట్టేది కృత్రిమమా కాదా అని పెట్టేవాళ్ల నుంచి ప్రకటన తీసుకోవాలి. ఆ ప్రకటన నిజమో కాదో సాంకేతికంగా సరిచూసుకోవాలి. కృత్రిమమని తేలితే లేబుల్ వేయాలి. ఒకసారి వేసిన లేబుల్‌ను, ఫైలులోని గుర్తును తొలగించే వీలు ఇవ్వకూడదు. అంటే No పెట్టి తప్పించుకోవడం ఇక మీద సులువు కాదు.

సరిచూసే యంత్రాలు కూడా తప్పు చేస్తాయి. మెటా అనుభవమే దీనికి ఉదాహరణ. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో 2024లో Made with AI అనే లేబుల్ మొదలుపెట్టింది. ఫొటోలో ఒక చిన్న మచ్చ చెరిపినందుకు కూడా అది పడుతోందని ఫొటోగ్రాఫర్లు గోల పెట్టారు. చిన్న రీటచింగ్ చేసినా ఫైలులో ఏఐ గుర్తు పడుతోంది, ఆ గుర్తును చూసి యంత్రం లేబుల్ వేస్తోంది. దాంతో జూలైలో దాన్ని AI info అని మార్చారు. నిజంలా కనిపించే ఏఐ వీడియో, నిజంలా వినిపించే ఆడియో పెట్టేటప్పుడు చెప్పాల్సిన బాధ్యత మాత్రం అక్కడా పెట్టేవాడి మీదే ఉంది. మీ నిజమైన వీడియోకు ఇలా పొరపాటున లేబుల్ పడితే వాదించడానికి ఒక్కటే ఆధారం పనికొస్తుంది, అది కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలు. ఎడిటింగ్ అయిపోగానే అసలు క్లిప్పులు చెరిపేసే అలవాటు ఉంటే మానుకోవాలి.

లేబుల్ కాపాడనివి

చెబితే సరిపోయేవి ఉన్నాయి, చెప్పినా చెల్లనివి ఉన్నాయి. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని మరో మహిళ వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువకుణ్ని అరెస్టు చేశారు. నటి పేరిట నడిపే అభిమానుల పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికి చేశాడన్నది పోలీసుల మాట. అలాంటి వీడియో మూలన ‘ఏఐ’ అని రాసి ఉన్నా తప్పు తప్పే. ఇద్దరు ఆడవాళ్ల పరువుకు దెబ్బ తగిలింది, ఒకరి ముఖానికి, ఇంకొకరి శరీరానికి. యూట్యూబ్ కూడా ఇదే అంటుంది. తన మిగతా నియమాలను దాటిన వీడియో లేబుల్ ఉన్నా తీసేస్తుంది.

మీ ముఖాన్నో గొంతునో ఎవరైనా ఇలా వాడారని తెలిస్తే ముందు ఆ వీడియో లింకు, ఛానల్ పేరు, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. కోపంలో కామెంట్ పెడితే అవతలివాడు వీడియో తీసేసి మరో పేరుతో పెడతాడు, మీ చేతిలో ఆధారం మిగలదు. తర్వాత ప్లాట్‌ఫాంకు ఫిర్యాదు చేయండి. యూట్యూబ్‌లో మామూలు రిపోర్ట్ బటన్ కన్నా ప్రైవసీ ఫిర్యాదు దారి మంచిది. మన ముఖం, గొంతులా కనిపించే, వినిపించే ఏఐ కంటెంట్ తీసేయమని 2024 నుంచి ఆ దారిలో అడగవచ్చు. సాధారణంగా ఎవరిది వాడారో వాళ్లే అడగాలి. నగ్న, అసభ్య వీడియోలైతే కొత్త ఐటీ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిన 2 గంటల్లో ప్లాట్‌ఫాం చర్య తీసుకోవాలి. కోర్టు ఆదేశం గానీ అధికారం ఉన్న ప్రభుత్వ విభాగం ఆదేశం గానీ వస్తే తీసేయడానికి గడువు 3 గంటలు. పోలీసు ఫిర్యాదుకు cybercrime.gov.in ఉంది. ఆ గొంతుతో డబ్బు గుంజితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

క్రియేటర్ల వైపు చేయాల్సింది చాలా చిన్న పని. ఎడిటింగ్ పూర్తయ్యాక వీడియోను ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడిపి, ప్రతి షాట్ దగ్గరా ఆపి, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోవాలి. సొంత కెమెరా, ఫలానా వ్యక్తి పంపినది, పాత ఫుటేజ్, ఏఐతో చేసినది. ఎనిమిది నిమిషాల వీడియోకు అది ఒక పేజీ దాటదు. ఆ పేజీ దగ్గరుంటే Altered content దగ్గర ఏం పెట్టాలో ఆలోచించే పనే ఉండదు, ఫ్రేముల మీద ఎక్కడెక్కడ రాయాలో తెలిసిపోతుంది, రేపు ఎవరైనా నిలదీస్తే చూపించడానికి ఆధారం ఉంటుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, మీరు నిజంగా తిరిగి తీసిన షాట్‌ను ఎవరూ ‘ఇదీ ఏఐయేనేమో’ అని కొట్టిపారేయలేరు. ఊహను ఊహ అని ప్రతిసారీ చెప్పే ఛానల్ నిజం చూపించిన రోజున జనం నమ్ముతారు.